ఒకే పొట్టేలున్న మంద

ఆ చలికాలం మా మందలో ఐదు పిల్లలు కింది దవడ పొట్టిగా పుట్టాయి. పొదుగు నోటికి అందించినా పట్టు చిక్కక జారిపోయేవి. అమ్మ సీసాతో పాలు పట్టింది. అయినా మూడు దక్కలేదు. బాపు దిష్టి తగిలిందన్నాడు. నేనప్పుడు ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. వాటి నోట్లో వేలు పెట్టి చూసి, ఇది దిష్టి కాదనుకున్నాను.

జనగామ చుట్టుపక్కల కాపరులంతా మాంసానికని ఎర్ర గొర్రెలకు మారిపోయారు. గొంగడి నేసే ఉన్ని పోతుందని బాపు ఒక్కడే నల్ల గొర్రెలను పట్టుకుని ఉన్నాడు. బయటి పొట్టేలు మందలోకి రాక ఏళ్లయింది. ఉన్న ఒక్క పొట్టేలూ మా మందలోనే పుట్టింది. దాని తండ్రి కూడా అంతే.

అదే నెలలో కాలేజీలో అసైన్‌మెంట్ ఇచ్చారు. వేరుపడిపోయిన ఒక చిన్న జంతు సమూహాన్ని తీసుకుని దాని భవిష్యత్తు రాయాలి. తోటివాళ్లు పులులూ జింకలూ ఎంచుకున్నారు. నేను మా మందను రాసుకున్నాను. నలభై ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు. లెక్కలో చూడాల్సింది తలల సంఖ్య కాదు, ఎన్నింటి రక్తం తర్వాతి తరానికి సమంగా చేరుతోందన్నది. క్లాసులో చెప్పిన సూత్రం ప్రకారం నాలుగును పొట్టేళ్ల సంఖ్య ఒకటితో, మళ్లీ ఆడవాటి సంఖ్య నలభైతో హెచ్చించి మొత్తం నలభై ఒకటితో భాగించాను. నాలుగు కూడా రాలేదు. నలభై ఒక్క తలలున్న మంద, వంశం విషయంలో నాలుగు జీవాల మందతో సమానం. అలాగే సాగితే ఒక్కో తరానికి మందలోని వైవిధ్యంలో ఎనిమిదో వంతుకు పైగా పోతుంది. లెక్క తప్పిందేమోనని రెండుసార్లు చేశాను. తప్పలేదు.

"బాపూ, పొట్టేలును మార్చాలె. అది దాని బిడ్డలనే కడుతున్నది" అన్నాను.

"మీ అమ్మ నాకు మేనమామ బిడ్డ. నువ్వు మంచిగ లేవా?"

"మీదొక్క మేనరికం. గిది తండ్రీబిడ్డల జత, అది గూడ తరం మీద తరం. దాగున్న దోషం అటు తల్లి నుంచీ ఇటు తండ్రి నుంచీ వస్తే పిల్లల బయటపడతది."

పశువుల డాక్టర్ ఎర్ర పొట్టేలును పెట్టమని సలహా ఇచ్చాడు. పిల్లలు బలంగానే పుడతాయి, కానీ నాలుగు తరాలకు నల్ల ఉన్ని కనిపించకుండా పోతుంది. అందుకే ఎండాకాలమంతా నల్ల మంద కోసం వెతికాం. మొగుళ్లపల్లి దగ్గర ఒక ముసలి కాపరి ఉన్నాడని తెలిసి, మా పొట్టేలును ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని మార్పిడికి పోయాం.

ఆయన మా పొట్టేలు నడుము తడిమి చూసి మురిసిపోయాడు. "మంచిగున్నది. ఇచ్చి పుచ్చుకుందాం" అన్నాడు. బాపు తలూపాడు. ఆ దోషం మోస్తున్నవాటిలో ఈ పొట్టేలు కూడా ఉంది. చెబితే ఆయన మమ్మల్ని పొమ్మంటాడు. చెప్పకపోతే ఆయన మంద కూడా చెడుతుంది.

"తాతా, మా పిల్లలకు దవడ పొట్టిగ వస్తున్నది. గిది మీ మందల కలవొద్దు" అన్నాను.

బాపు నా వైపు చూడలేదు. ముసలాయన మా పొట్టేలు నోరు తెరిచి చూశాడు.

"అయితే మీది మీరే తీస్కపోండ్రి. నాకు పోతులు మూడున్నయి. ఒకటి ఈ వానకాలానికి ఇస్త, మీ గొర్లు ఈనినంక మల్ల తెచ్చియ్యి."

ఇల్లు చేరాక బాపు "బిడ్డా, మంచిగ చెప్పినవ్" అన్నాడు. పాత పొట్టేలు ఇక పిల్లలు పుట్టించకుండా వృషణాలు నొక్కించి మందలోనే ఉంచుకున్నాడు. అమ్మడానికి మనసొప్పలేదు. కొత్తదాన్ని డాక్టర్ చెప్పినట్టు నెల రోజులు వేరుగా కట్టేసి, రక్తపరీక్ష చేయించాకే గొర్రెల్లో కలిపాం.

గొర్రెలు చూలుతో ఉన్న ఆ తర్వాతి ఐదు నెలలూ నాకు కుదురు లేదు. అసైన్‌మెంట్ ఎప్పుడో ఇచ్చేశాను, మార్కులు కూడా వచ్చాయి. వాటి సంగతి ఇప్పుడు గుర్తు లేదు. మొదటి గొర్రె ఈనిన పొద్దున అమ్మ ఫోన్ చేసి "నోరు మంచిగున్నది" అంది. ఆ సీజన్‌లో ముప్పై రెండు పిల్లలు పుట్టాయి. ఒకటి చచ్చి పుట్టింది. మిగతావన్నీ నిలబడి పాలు తాగాయి. దోషం పోలేదు, కొన్నిట్లో దాగి ఉంది. ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక రెండు వారాలు నాన్చాను.

అన్నిటికంటే పెద్ద పోతుపిల్లను చూపిస్తూ "దీన్ని పొట్టేలుగ ఉంచుదామా?" అని అడిగాడు బాపు.

"వద్దు బాపూ. మందల ఉన్నయన్ని దాని తల్లి దిక్కువో, చెల్లెండ్లో. దోషం గూడ ఇంక కొన్నిట్ల దాగే ఉన్నది."

ఆయన దాని వీపు నిమిరాడు. చివరికి ఎర్ర గొర్రెల వాళ్లకు ఇచ్చేశాడు. మొగుళ్లపల్లి పొట్టేలును తిరిగిచ్చిన వారానికి తనే గంగారం వైపు ఒక కాపరికి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"అన్నా, నీ కాడ నల్ల పోతులెన్ని? మూడా? ఒక్క తండ్రి బిడ్డలేనా, వేరేవా?"

అవతలివాడు లోపలికి వెళ్లి ఎవరినో అడుగుతున్నట్టున్నాడు. బాపు ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు.

"మూడిట్ల రెండు వేరే వేరే తండ్రులకు పుట్టినయట. ఒకదాన్ని ఈసారి, ఇంకోదాన్ని వచ్చేసారి కలుపుదాం" అన్నాడు చివరికి నాతో.