అత్తగారి లెవెలు, అల్లుడుగారి ఫొటో

మా బావగారిని అడ్మిన్ అంటాం. ఆ బిరుదు ఎవరూ ఇచ్చింది కాదు, తనే తగిలించుకున్నారు. ఇంట్లో అందరికీ కలిపి ఒక్కటే స్మార్ట్‌ఫోను. దాని ఛార్జర్ పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది. 'ఫోను వాడుక నిబంధనలు' అని పైన, 'అడ్మిన్' అని కింద సంతకం. కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు ఊరివారీగా వేరు చేయించే ఉద్యోగం ఆయనది. అక్కడ ఆయన మాట వినేది తూకం మిషను ఒక్కటే. అందుకని ఆ ముచ్చట మా ఇంట్లో తీర్చుకుంటారు.

మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే కొట్టు. ముందు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. ఫోను కొట్టుదే. బట్టలు తయారయ్యాయా అని జనం అడిగేది దానికే. అక్క ఫోను నానబెట్టిన దుప్పట్లతో పాటు తొట్టిలో మునిగి పాడైపోయింది. నాది బటన్ల ఫోను. బావగారికి ఆఫీసువాళ్ళు ఒకటిచ్చారు గానీ, అందులో ఆటలు ఎక్కించడానికి వీల్లేదు. ఆఫీసువాళ్ళకి ఆయన సంగతి తెలిసినట్టే ఉంది.

మూడేళ్ళ కిందట అమ్మకి కుడి చెయ్యి పడిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఇస్త్రీ పెట్టె తోసిన చెయ్యి, గ్లాసు ఎత్తలేకపోయింది. వ్యాయామం చేయించే డాక్టరమ్మ బంతి ఇచ్చి నొక్కమంది. అమ్మ రెండు రోజులు నొక్కి, "ఇదేం పని, బంతి నొక్కితే బట్ట మడత పడుతుందా?" అని మూల పడేసింది. అప్పుడు ఆ డాక్టరమ్మే ఫోనులో ఒక ఆట పెట్టి ఇచ్చింది. రంగు గవ్వల్ని పక్కకి జరిపి మూడేసి కలపాలి. కుడి చూపుడు వేలితోనే ఆడాలని షరతు. మొదటి రెండు వందల లెవెళ్ళు దాటడానికి అమ్మకి ఎనిమిది నెలలు పట్టింది. వేలు గవ్వ మీద ఆనేది కాదు, ఆనితే జరిగేది కాదు. నెలకోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కార్డు మీద లెవెలు అంకె రాసేది. ఆ కార్డుని అమ్మ మందుల చీటీలతో కాక, మా నాన్న ఫొటో వెనక దాచేది. ఆ ఆటే ఆమెకి చెయ్యి. అంతకంటే విడమరిచి చెప్పాల్సింది లేదు.

ఈ సంగతి బావగారికీ తెలుసు. తెలిసి చేసినవాడిని ఏమనాలో నాకు ఇప్పటికీ మాట దొరకలేదు.

ఆట తెరిస్తే పైన మూల 'అతిథి' అని ఉండేది. అంటే ఆ ఆట ఏ ఖాతాకీ ముడిపడి లేదు. ఫోను పోయినా, ఎవరైనా ఆట తీసేసినా, అన్ని లెవెళ్ళూ గంగలో కలిసినట్టే. నేను ఒకరోజు ఇది చూసి, అమ్మ పేరు మీద ఒక మెయిల్ ఐడీ చేసి దానికి కలుపుదామని అడ్మిన్‌గారికి మనవి చేసుకున్నాను.

"అత్తయ్యకి మెయిల్ ఐడీ ఎందుకు? ఆవిడకి ఉత్తరాలు ఎవరు రాస్తారు?" అన్నారు బావగారు, తన జోకుకి తనే నవ్వుకుంటూ. "మూడో నిబంధన చదివావా? సెట్టింగుల జోలికి ఎవరూ పోకూడదు. ఒక ఫోనులో రెండు ఐడీలు పెడితే తికమక అవుతుంది. కొనుగోళ్ళు జరిగిపోతాయి. నీకు తెలీదులే."

ఫోనులో ఉన్నది ఆయన ఖాతా, ఆయన బ్యాంకు కార్డు. ఆయన్ని అడక్కుండానే ఆ పని చేసేయాల్సింది. నేనే వెధవాయినై నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది.

తర్వాత వారం గురువారం ఆయనకి సెలవు. అక్కా నేనూ ఉతికిన దుప్పట్లు పిండుతున్నాం. కొట్టులో కూర్చున్న బావగారికి తన పాత ఆట గుర్తొచ్చింది. ఇదే గవ్వల ఆట ఆయన తన పాత ఫోనులో ఆడేవారు. అరవై ఒకటో లెవెల్లో ఆగిపోయి, ఆట బాగాలేదని తీర్మానించి మానేశారు. ఇప్పుడు అమ్మ ఆట తెరిచి, అందులో తన ఖాతాతో సైన్ ఇన్ నొక్కారు. వెంటనే ఫోను ఒక ప్రశ్న అడిగింది. ఆ ఖాతాలో దాచిన ఆట లెవెల్ 61, ఈ ఫోనులో ఉన్న ఆట లెవెల్ 1,937. ఏది ఉంచమంటారు, మిగతాది చెరిగిపోతుంది అని. ఫోనుకే అనుమానం వచ్చి ఆగింది. మనిషి ఆగలేదు.

ఆయన 1,937 నొక్కారు.

పోనీ, అమ్మ ఆట చెరిగిపోలేదు కదా అనుకుంటారు మీరు. చెరిగిపోలేదు. ఆయనదైపోయింది. 'అతిథి' అన్నచోట నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న బావగారి ఫొటో వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రమే ఆ ఫొటోనీ అంకెనీ కలిపి ఆఫీసు మిత్రులకి పంపించారు.

శనివారం డాక్టరమ్మ దగ్గరికి అమ్మని నేనే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ కార్డు తీసి, ఆట తెరిచి, ఆగింది.

"ఎవరండీ ఈయన?"

అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. చాలాసేపు చూసింది. "మా అల్లుడుగారు" అంది. ఇంటికొచ్చాక మడతపెట్టిన దుప్పట్ల పక్కన కూర్చుని ఏడ్చింది. చెయ్యి పడిపోయిన రోజున కూడా అమ్మ ఏడవలేదు. నాకు ఆ మనిషి మెడ పిండేయాలనిపించింది.

"ఎవరి పేరుంటే ఏముంది అత్తయ్యా?" అన్నారు బావగారు సాయంత్రం, అన్నం ముందు కూర్చుని. "లెవెలు ఇంట్లోనే ఉంది కదా. మీరు ఆడుకోండి, వద్దన్నానా?"

"నా బట్టకి మీ గుర్తు వేశారు బాబూ" అంది అమ్మ. "ముప్ఫై ఏళ్ళలో ఒక ఇంటి చొక్కా ఇంకో ఇంటికి పంపలేదు నేను. ఇంటింటికీ వేరే రంగు దారం కుట్టాను. మీకు ఒక్క ఫోనులో ఇద్దరిని వేరు చేయడం రాలేదా?"

బావగారికి అర్థం కాలేదు. ఆయనకి అర్థం కానివన్నీ తక్కువరకం మాటలే కాబట్టి, ఇంకొంచెం కూర వేయమన్నారు.

ఆట తయారుచేసినవాళ్ళకి నేను రాశాను. ఒక ఖాతాలోకి వెళ్ళిన ఆటని ఇంకో ఖాతాకి మార్చడం తమవల్ల కాదని మర్యాదగా జవాబిచ్చారు. ఆ ఖాతానే అమ్మకి ఇచ్చేయమని అక్క అడిగితే, "అందులో నా మెయిలు, నా కార్డు, నా జీవితం ఉన్నాయి" అన్నారాయన. ఆ మూడోదాన్ని ఎవరూ ఎత్తుకుపోరని అక్క గొణిగింది.

ఆదివారం ఆయన మిత్రులిద్దరు వచ్చారు. "ఏదీ, మాముందు ఒక లెవెలు దాటు చూద్దాం" అని ఒకాయన అన్నాడు. అడ్మిన్‌గారు కొట్టులో బల్ల మీద కాలు మీద కాలేసుకుని 1,937 తెరిచారు. అమ్మ తలుపు పక్కన చొక్కాలకి బొత్తాలు చూస్తోంది. తల ఎత్తలేదు.

మొదటిసారి ఓడిపోయారు. చెయ్యి జారిందన్నారు. రెండోసారి వెలుతురు సరిగా లేదన్నారు. నాలుగోసారికి చెమట పట్టింది. ఐదోసారి గవ్వల్ని జరపడానికి ఇచ్చిన ఎత్తులు అయిపోయి, 'ఇంకో ఐదు ఎత్తులు కావాలా?' అని ఆట అడిగింది. ఆయన కంగారులో టకటకా నొక్కుతున్నారు. ఆ నొక్కుడులోనే కొనుగోలు పేజీ వచ్చింది, అందులోని 'కొను' బటను మీదా వేలు పడింది. అప్పుడు ఫోను వేలిముద్ర అడుగుతుంది. ఈ ఫోనుకి వేలిముద్ర చూసే బటను అంచునే ఉంది. ఫోను పట్టుకున్న ఆయన బొటనవేలు సరిగ్గా దానిమీదే ఉంది. క్షణంలో కొనడం అయిపోయింది. ఆఫీసు ఫోనుకి బ్యాంకు సందేశం వచ్చి టింగుమంది.

కొన్న ఐదు ఎత్తులతోనూ ఓడిపోయారు.

"ఇన్ని లెవెళ్ళు దాటినవాడివి, దీనికి ఇలా అయిపోయావేంటోయ్?" అన్నాడు మిత్రుడు.

"దీంట్లో ఏదో తేడా ఉంది. అత్తయ్య ఎక్కడో ఏదో నొక్కి పాడుచేసుంటారు" అన్నారు బావగారు.

అమ్మ అప్పుడు తల ఎత్తింది. మిత్రులు వెళ్ళిపోయాక నన్ను పిలిచి, "నాకు వేరే చేసి పెట్టు" అంది.

"మొదటి లెవెలు నుంచి ఆడాలమ్మా."

"మూడేళ్ళూ పోయినట్టేనా?" అని అడిగింది. నేను తలూపాను. అమ్మ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కాసేపు చూసుకుంది. "సరే. కానీ."

కాగితం చదవకుండానే సెట్టింగుల్లోకి వెళ్ళాను. మా ఫోనులో ఒకే మనిషి కాక ఇంకొకరిని కూడా చేర్చుకునే వీలుంది. 'అమ్మ' అని కొత్త యూజర్ చేశాను. అటు మారితే ఆయన ఖాతా, ఆయన కార్డు, ఆయన కళ్ళద్దాలు ఏవీ కనపడవు. ఇల్లు వేరు, తాళం వేరు. అమ్మ పేరు మీద మెయిల్ ఐడీ చేసి, ఆట మళ్ళీ ఎక్కించి, మొదటి గవ్వ జరపకముందే ఆ ఐడీకి కలిపాను. ఇక ఫోను తొట్టిలో పడినా ఆట పోదు. కార్డేదీ పెట్టలేదు కాబట్టి ఎంత నొక్కినా కొనడానికి ఏమీ లేదు. పావుగంట పని. దీనికి ఒక అడ్మిను, ఒక కాగితం, ఆరు నిబంధనలు.

నెల తిరిగింది. డాక్టరమ్మ ఆట తెరిచి కార్డు మీద 214 అని రాసింది. దాని పైన కిందటి నెల రాసిన 1,937 ఉంది కదా, తప్పు రాశానేమోనని మళ్ళీ చూసుకుంది. తర్వాత కార్డు మొదటి వరసకి వెళ్ళి, అప్పట్లో ఎనిమిది నెలలు పట్టిన చోటు మీద వేలు పెట్టి ఆగింది. అమ్మవైపు చూసి, "నాలుగు వారాల్లోనా?" అంది. అమ్మ సిగ్గుపడింది.

ఇక్కడ బావగారు మాత్రం 1,937లోనే ఉన్నారు. రోజూ ఐదుసార్లు ఓడిపోతారు. ఆఫీసులో రోజూ అడుగుతారట, దాటావా అని. మొన్న సాయంత్రం కొట్టు మూసే వేళకి వచ్చి, ఎవరూ లేరని చూసుకున్నారు. గుడ్డలమూట వెనక నేనున్నాను, చూడలేదు.

"అత్తయ్యా, ఈ ఒక్క లెవెలు దాటించి పెట్టరా? మీరు చేశారని ఎవరికీ చెప్పనులెండి."

అమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. ఆ పెట్టెని పట్టుకుంది కుడిచేత్తోనే. ఫోను తీసుకుని, ఆయన 1,937ని ఒకసారి చూసి మూసేసింది. కొత్త యూజర్ చేసే చోటు తనే వెతికి తెరిచింది.

"కూర్చోండి బాబూ" అంది. "మీకూ వేరే చేస్తాను. మొదటి లెవెలు నుంచి నేర్పిస్తాను."

బావగారు వీధివైపు ఒకసారి చూసి, కూర్చున్నారు.