ఒక్క బస్సు సరిపోవచ్చు

ఇంద్రజకు కోపమొస్తే ముక్కు ఎర్రబడుతుంది. దోహాలో ఇంజనీరింగ్ ఫైనలియర్ చదివే ఆ పిల్ల ముక్కు రోజూ పొద్దున్నే ఎర్రబడేది కాలేజీ బస్సు వల్లే. అల్ సద్ హాస్టల్‌కి ఒక బస్సు, తనుండే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ హాస్టల్‌కి ఇంకొకటి. రెండూ సగం ఖాళీ, రెండూ ఆలస్యమే. తన బస్సు నడిపేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన లింబాద్రి. తప్పు ఆయనది కాదు, రూటుది.

ఆ కోపంలోనే ప్రాజెక్టు గైడు రామకృష్ణారావు గారికి ఉత్తరం రాసింది. హాస్టళ్ళు, స్టాపులు, కాలేజీ, అన్నీ బిందువులు. వాటిని కలిపే రోడ్లు గీతలు. ఒక్కో గీతకి బరువు, ఆ రోడ్డు మీద పట్టే నిమిషాలు. ఇలా గ్రాఫు గీసి, తక్కువ సమయంలో అన్ని స్టాపులూ కలుపుకొచ్చే దారి వెతుకుతానంది. అక్కడితో ఆగినా బాగుండేది! ఉత్సాహం పట్టలేక చివర్లో, "తొలి అంచనా ప్రకారం ఒక్క బస్సు సరిపోవచ్చు" అని తగిలించింది.

రావు గారు మురిసిపోయారు గానీ, ఒక తప్పు పట్టారు.

"వెళ్ళడానికీ రావడానికీ ఒకే బరువు వేశావేమ్మా? ఇక్కడ అన్నీ డివైడర్లేగా. అవతలి స్టాపుకి వెళ్ళాలంటే ఎక్కడో యూటర్న్ తీసుకోవాలి. గీతలకి దిశ పెట్టు."

"ప్రాజెక్టులో సరిచేస్తానండి."

"సరే. బస్సుల టైమింగులు కావాలిగా, ట్రాన్స్‌పోర్ట్ సెక్షన్‌కి ఈ ఉత్తరం కాపీ ఒకటి పెట్టెయ్."

ఏది కావాలన్నా కాపీ పెట్టడం ఆ కాలేజీలో ఆనవాయితీ. ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు టైమింగులు పంపలేదు. చివరి వాక్యం మాత్రం శ్రద్ధగా చదివారు. నెలాఖరు నుంచి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ బస్సు రద్దని నోటీసు అంటించారు.

ఇంద్రజ గీతలకి దిశలు పెట్టి మళ్ళీ లెక్క కట్టింది. ఒక్క బస్సుతో కుదరదు, మొదటి క్లాసు అందనే అందదు. ఆ సంగతే మళ్ళీ ఉత్తరం రాసింది. కింద రావు గారూ సంతకం పెట్టారు. "మీ సూచన ఇప్పటికే అమలు చేశాం, ధన్యవాదాలు" అని జవాబు. ఒళ్ళు మండదూ?

"నేను గైడునమ్మా. బస్సుల కాంట్రాక్టులు నా చేతిలో లేవు," అన్నారు రావు గారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

బస్సు ఆఖరి రోజు ఇంద్రజ డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుంది.

"మొఖం గట్ల పెట్టినవేంది బిడ్డా?"

"మీరు వెళ్ళిపోతున్నారట కదా బాబాయ్."

"బస్సు లేకపాయె. కంపెనీ ఎగ్జిట్ కొట్టింది, ఇంటికి పొమ్మన్నది. ఇల్లు స్లాబ్ దాకా లేసింది, ఇగ గాడ్నే ఆగుతది. మా ఇంటామె గౌరవ్వకు ఇంక చెప్పలే. ఫోన్ చేస్తే ఏడుస్తది."

నావల్లే బాబాయ్ అందామనుకుంది. దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

కాలేజీ దగ్గర దిగుతుంటే లింబాద్రే వెనక్కి పిలిచాడు.

"గదే బిడ్డా, బస్సుల మీద ఏదో ప్రాజెక్టు రాస్తున్న అంటివి గద. సార్ ఒప్పుకున్నడా?"

"ఒప్పుకున్నారు బాబాయ్."

"మంచిగైంది పో," అని నవ్వి లింబాద్రి తలుపు వేశాడు.