బదులివ్వక మానని బల్బీర్ పాజీ

క్రేన్ ఆపరేటర్ బల్బీర్ సింగ్ ఇక లేరన్న దుర్వార్త, ఆయనకు వైశాఖీ పండుగ శుభాకాంక్షలు చెప్పబోయి నేనే ఫోన్ చేసి మరీ తెచ్చుకున్నాను. ఉద్యోగం విరమించి పంజాబులోని సొంతూరు చేరిన ఆ ఆప్తుడి హఠాన్మరణం నన్ను నిశ్చేష్టుణ్ణి చేసింది.

దుబాయ్ నిర్మాణాల్లో ఆయన ఆకాశంలో, నేను నేల మీద. కింద నేను చెయ్యి ఊపితేనే పైన ఆయన బరువు దించేవారు. అజ్మాన్ క్యాంపులో మాత్రం ఇద్దరిదీ ఒకటే వరండా. నరసింహులు అన్న నా పేరును ‘నర్ సింగ్’గా విరిచి తన సింహాల్లో కలిపేసుకున్నారు, ధైర్యం మాత్రం కలపలేకపోయారు.

మా పరిచయంలో తొలి వైశాఖీనాడు చేతులు జోడించి, “విసాఖీ దియా లఖ్ లఖ్ వధాయియా జీ!” అన్నారు. లక్షల లక్షల అభినందనలన్నమాట. దుబాయ్ వచ్చాక నేను లక్షాధికారినయింది ఆ ఒక్కపూటే. వాళ్ల భాషలో అన్నను పిలిచినట్టే “థాంక్యూ పాజీ” అని చెయ్యి చాచాను.

“థాంక్యూ క్యా హై ఓయ్!” అని క్యాంపులో నేర్చిన తెలుగు కలిపి కసిరారు. “ఇచ్చింది తిరిగి ఇయ్యాలె. బోలో, ‘తుహానూ వీ జీ’. మీకూ అని. ‘తుహాడే పరివార్ నూ వీ’. మీ ఇంటోళ్లకూ అని.” నాతో పలికించి, ఎముకలు విరిగేలా కౌగలించుకున్నారు. ఆ కౌగిలి లేనిదే వధాయి పూర్తికాదట.

కరోనా ఏటి వైశాఖీకి ముందు పాజీకి జ్వరం పట్టుకుంది. వరండా చివరి గదిలో ఒంటరిగా ఉంచారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రాని రోజులవి. పండుగ పొద్దున హల్వా తీసుకెళ్లి గుమ్మం ముందు పెట్టాను. లోపల దగ్గు కూడా వినిపించలేదు.

“ఓ నర్సన్నా, ఎనుకకు రా! పానం బరువైందా నీకు?” దూరం నుంచి నా గదిలో ఉండే లచ్చన్న కేకేశాడు.

మాస్కులోంచే అరిచాను: “విసాఖీ దియా లఖ్ లఖ్ వధాయియా, పాజీ!”

మళ్లీ అరిచాను. బదులివ్వక మానే మనిషి కాదాయన. ఇవ్వలేదంటే... ఆ వాక్యం పూర్తిచేసే ధైర్యం నా మనసుకు లేదు.

“పాజీ, డర్ లగ్ రహా హై. కుఛ్ తో బోలో!” భయమేస్తోంది, ఏదో ఒకటి మాట్లాడమని బతిమాలాను.

తలుపవతల ఏదో కదిలింది. “తుహానూ వీ...” ఊపిరి అందక ఆగిన గొంతు. “జీ. తుహాడే పరివార్ నూ... వీ.” ఒక్క మాటా మిగల్చలేదు. “జప్ఫీ బాద్ మే, నర్ సింగ్.” కౌగిలి తర్వాతట. కోలుకున్నాక, లచ్చన్న వద్దంటున్నా, ముందుగా ఇచ్చింది అదే.

ఈ వైశాఖీకి అవతల ఫోన్ తీసిందెవరో కనుక్కోకుండా శుభాకాంక్షలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. “పాజీ?” అన్నాను, మళ్లీ ఆ తలుపు ముందే నిలబడ్డట్టు.

“తుహానూ వీ, అంకుల్ జీ,” అంది ఒక లేత గొంతు. “తుహాడే పరివార్ నూ వీ.” ఆ తర్వాతే ఆయన కొడుకు ఏడ్చాడు. ఆ తర్వాతే చెప్పాడు.

పాజీ, అటువంటి బదులు ఇవ్వగల మనిషి నాకిక దొరకడు. మీ జప్ఫీ కోసం చాచిన చేతులతోనే మీకు నమస్కరిస్తున్నాను.