నాకు లేని తమ్ముడు

ఆ జనవరిలో నేను ఆఫీసుకు రాసిన ఉత్తరంతో పోలిస్తే రాజ్యాంగం చిన్న కరపత్రం. సారాంశం మాత్రం రెండు ముక్కలే. ఎల్‌ఐసీ రసీదులు, పోస్టాఫీసు సర్టిఫికెట్ల నకళ్లు జతపరుస్తున్నాను. వీటి మీద వచ్చే రాయితీ తీసేస్తే ఈ ఏటి పన్ను డిసెంబరుకే కట్టేసినట్టు. కాబట్టి మళ్లీ లెక్కగట్టి, మిగిలిన మూడు నెలల జీతంలో కోత ఆపండి.

ఆ కోత ఆగితేనే మార్చి పదికి మా అమ్మాయి నర్సరీ ఫీజు. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఆ బడి సీటు మా ఆవిడ తెల్లవారుజామున లైన్లో నిలబడి, హిమాలయాలంత చలి తిని సంపాదించింది.

వారం తర్వాత అకౌంట్స్ గుమాస్తా, ఇక్కడి భాషలో బాబు, పిలిచాడు. రసీదులన్నీ బల్ల మీద పేకముక్కల్లా పరిచి ఉన్నాయి.

"సర్‌జీ, యే తో ఆప్‌కే భాయీ కీ పాలసీ హై. భాయీ కా నహీ చలేగా. అప్నా, బీవీ కా, బచ్చోం కా, బస్."

తమ్ముడి పాలసీకి రాయితీ రాదట; నాదీ, పెళ్లాం పిల్లలదీ అయితేనేనట. నాకు తమ్ముడు లేడు. అన్న కూడా లేడు. ఉన్నవాళ్లు ముగ్గురూ అక్కలే.

తప్పు నాదే. ఉద్యోగంలో చేరిన రోజు ఫారంలో 'ఫస్ట్ నేమ్' అని ఉంటే, మనకు మొదట వచ్చేది ఇంటిపేరే కదా అని గర్వంగా ఇంటిపేరు రాశాను; అసలు పేరు నడుమ ఒక్క అక్షరంగా మిగిలింది. అప్పటినుంచీ ఢిల్లీ ఢిల్లీ అంతా నన్ను మా వంశం పేరుతోనే పిలుస్తోంది. పాలసీలో మాత్రం ఇంటిపేరు ఒక్క అక్షరమై ముడుచుకుంది, అసలు పేరు పూర్తిగా ఉంది. పేరు చివరి ముక్క రెంటిలోనూ ఒకటే. ఇంకేముంది, బాబుగారి దృష్టిలో ఒకే ఇంటి ఇద్దరు కొడుకులు.

"భయ్యా, ఇద్దరూ నేనే!" అన్నాను.

"అచ్ఛా? తో ఎఫిడవిట్ లాయియే."

కోర్టు గేటు బయట టైపిస్టు దగ్గర, నేను నేనేనని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసి తెచ్చాను. సంతకం చేయాల్సిన పెద్దసారు నెల రోజుల సెలవులో ఉన్నాడు. జనవరి కోత పడింది. ఫిబ్రవరి కోతా పడింది.

"ఆ తమ్ముడిదీ ఒక జీతం రావాలి కదండీ, ఎక్కడ దాచాడు?" అంది మా ఆవిడ. నవ్వుతూ అనలేదు.

పెద్దసారు వచ్చాడు, కాగితం చూశాడు, ఒప్పుకున్నాడు. మార్చి జీతంలో పన్ను సున్నా. ఆ జీతం నెలాఖరున వచ్చింది. ఫీజు గడువు పదో తారీఖునే పోయింది. సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకెవరికో వెళ్లింది.

"ఎక్కువ కటింగ్ హో గయా తో క్యా, రిటర్న్ భరియే, రిఫండ్ ఆ జాయేగా," అన్నాడు బాబు, సమోసా తుంచుకుంటూ.

రిటర్న్ దాఖలు చేశాను. రిఫండ్ వచ్చింది, రెండో ఏడాది. అమ్మాయి ఒక సంవత్సరం ఇంట్లోనే కూర్చుని, పైపోర్షన్ ఆంటీ దగ్గర హిందీ నేర్చుకుంది.

మళ్లీ ఏడు ఇంకో బడి ఫారం తెచ్చాను. మొదటి గడిలోనే 'ఫస్ట్ నేమ్' అని ఉంది. కలం ఎత్తేసరికి మా ఆవిడ నా చేతిలోంచి లాక్కుంది.