ఓవెన్ తిరిగినంతసేపు

ఆ ఏడు ఒంటిపూట బడులు మొదలైన వారంలోనే మా చెల్లిని హైదరాబాదులో ఆసుపత్రిలో చేర్చారు. రక్త క్యాన్సర్. మందులు ఎక్కించాక ఒంట్లో తెల్లకణాలు దాదాపు లేకుండా పోతాయని, చిన్న జలుబు సోకినా ప్రమాదమని, దాన్ని ఒక్కదాన్నే గదిలో ఉంచారు. దాని భర్తని, మా మరిదిని కూడా రోజుకోసారి మాస్కూ గౌనూ వేసి కాసేపు లోపలికి పంపేవారు. మిగతా వేళంతా ఆయన బయట వరండాలో కూర్చునేవాడు. వాళ్ల పాపని తిరువూరులో మా ఇంటికి తెచ్చుకున్నాను. రెండో తరగతి పరీక్షలు మా బడిలోనే రాయించాను. నేను అదే బడిలో పిల్లలకి కంప్యూటర్లు చెబుతాను.

చెల్లి అన్నం ముట్టడం లేదని మరిది ఫోన్ చేసి చెప్పాడు. నోరంతా పుళ్లు. ఏది పెట్టినా ఇనుము నాకినట్టుందంటోందట. అప్పుడు చెల్లే ఒక మాట అడిగింది. మధ్యాహ్నం నేను తినేటప్పుడు వీడియో కాల్ చెయ్యమని, నన్ను చూస్తూ తినడానికి ప్రయత్నిస్తానని. చిన్నప్పుడు రెడ్డిగూడెం దగ్గర మా నాన్న మామిడితోటలో కాపలా పాకలో ఒకే కంచంలో తినేవాళ్లం. అది ఎప్పుడూ నా వేగం చూసుకుంటూ తినేది, నేను ముద్ద మింగితే గానీ తను మింగేది కాదు.

అలా రోజూ బడి నుంచి రాగానే వంటింటి పక్కన బల్ల మీద ఫోన్ ఆనించి కూర్చునేదాన్ని. పొద్దున వండిన కూర ఓవెన్‌లో పెట్టేదాన్ని. మా అత్తగారికి షుగరు, ఆవిడకి వేళ తప్పకూడదు, కాబట్టి నాది అవగానే ఆవిడ పళ్లెం కూడా ఓవెన్‌లో పెట్టేదాన్ని. ఓవెన్ తిరగడం మొదలయ్యేసరికి తెర మీద చెల్లి ఆగిపోయేది. చెంచా నోటి దగ్గర, కళ్లు సగం మూసుకుని. గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చి తర్వాత అదీ పోయేది. కాసేపటికి బొమ్మ కదిలేది. “వినపడుతోందా అక్కా?” అని అడిగేది, అప్పటికి దాని కంచం పక్కకి జరిపేసి ఉండేది.

మొదట్లో నేను ఆసుపత్రి వైపు నెట్ బాగాలేదనుకున్నాను. అక్కడ మరిది పరీక్షించి బాగానే ఉందన్నాడు. మా కేబుల్ ఆపరేటర్‌కి చెబితే ఒక అబ్బాయిని పంపాడు. అతను వైరు కొస తీసి కొత్తది వేశాడు, రౌటర్ ఆపి మళ్లీ వేశాడు, ఫోన్లో వేగం కొలిచి చూపించాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఉండవూ మరి, అతను వచ్చింది సాయంత్రం, అప్పుడు వంటింట్లో ఎవరూ లేరు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే వరస. ఇంట్లో ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం, మొబైల్ డేటా మీద వీడియో నడవదు. వేరే దారి లేదు.

ఒకరోజు మా అత్తగారే అంది. “నీ చెల్లెలు ఆ పెట్టె చప్పుడు వింటే చాలు, బొమ్మలా అయిపోతుందే.” నేను ముద్ద కంచంలో వదిలేసి ఓవెన్ వైపు చూశాను. మైక్రోవేవ్ ఓవెనూ, వైఫైకున్న రెండు బ్యాండుల్లో కిందిదీ ఒకే పౌనఃపున్యం దగ్గర పని చేస్తాయని పిల్లలకి నేను పాఠంలో చెప్పే మాటే. ఇంట్లో దిగులు పెట్టుకున్న మనిషికి పాఠం గుర్తుకు రాదు.

ఆదివారం పొద్దున కూర్చుని వరసగా చూశాను. ఖాళీగా తిప్పకూడదు గనక ఓవెన్‌లో ఒక కప్పు నీళ్లు పెట్టాను. లాప్‌టాప్ నుంచి బయటి నెట్‌కి కాకుండా మా రౌటర్‌కే పలకరింపులు, అదే పింగ్‌లు, పంపించాను. ఓవెన్ ఆగి ఉంటే జవాబులు వెంటవెంటనే వచ్చాయి. ఓవెన్ వేయగానే కొన్ని ఆలస్యంగా వచ్చాయి, కొన్ని రానే రాలేదు. హాల్లో ఉన్న రౌటర్ దగ్గర నుంచే జవాబు రాకపోతే ఇక బయటి వైరుని అనడానికేముంది? తర్వాత లాప్‌టాప్‌ని వైరుతో రౌటర్‌కి కలిపి మళ్లీ ఓవెన్ వేశాను. ఒక్క జవాబూ తప్పలేదు. అంటే తప్పు గాల్లో ఉంది.

మా అత్తగారు భయపడింది. ఆ పెట్టెలోంచి ఏదో బయటికి వస్తోందని, పాపని అటు వెళ్లనివ్వద్దని. తలుపు సందుల్లోంచి వచ్చేది చాలా కొంచెమని, మనిషికి ఏమీ చెయ్యదని, కానీ వైఫై సిగ్నల్ అంతకన్నా సన్నం గనక దాని గొంతు నొక్కేస్తుందని చెప్పాను. పెళ్లి పందిట్లో సన్నాయి పక్కన నిలబడి చెవిలో మాట చెప్పుకున్నట్టు. ఆవిడ తలూపింది గానీ పాప చెయ్యి వదల్లేదు.

ఫోన్లో ఒక యాప్ వేసి చూస్తే మా సందులో ఉన్న వైఫైలన్నీ కనిపించాయి. కింద అద్దెకున్నవాళ్లది, ఎదురు మందుల షాపుది, పై అంతస్తు ట్యూషన్ సెంటర్‌ది. అందరిదీ కింది బ్యాండే, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మాది ఛానల్ మార్చి చూశాను. మొదటి ఛానల్లో ఓవెన్ గోల కాస్త తగ్గింది గానీ అక్కడ ఇరుగుపొరుగు కిక్కిరిసి ఉన్నారు. చివరి ఛానల్లో పొరుగు తక్కువ, ఓవెన్ ఎక్కువ. మా రౌటర్‌కి పై బ్యాండు కూడా ఉంది, కానీ రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉండడంతో నా ఫోన్ దూరం అందే కింది దాన్నే పట్టుకుంటోంది. పేర్లు విడదీశాను. పై బ్యాండుని ఓవెన్ ముట్టదు, కానీ అది రెండు గోడలు దాటి వంటింటి వైపు రాలేకపోయింది. కేబుల్ అబ్బాయిని మళ్లీ పిలిస్తే, విషయం విని నవ్వి, పొడవు వైరు తెచ్చి రౌటర్‌ని భోజనాల బల్లకి ఎదురు గోడ మీదకి మార్చి వెళ్లాడు.

సోమవారం మధ్యాహ్నం ఓవెన్ తిరుగుతూనే ఉంది, చెల్లి కదులుతూనే ఉంది. నాకు ఎంత సంతోషమైందో. దానికి జుట్టంతా ఊడిపోయింది, తలకి గుడ్డ చుట్టుకుంది, పెదాలు పగిలాయి. అయినా ముద్దకి ముద్ద తిన్నది. ఆవకాయ పెడుతున్నారా అని అడిగింది. పెడుతున్నామన్నాను. పచ్చళ్లు, పచ్చివి ఏవీ దానికి పెట్టకూడదన్నారు. జాడీ మూత తీసి ఫోన్ ముందు పెట్టమంది. పెట్టాను. చాలాసేపు చూసింది.

రెండు మూడు రోజులు అలా గడిచాయి. తర్వాత అది పెద్దగా మాట్లాడకుండా అయింది. నేను అడిగినవాటికి ఊఁ కొట్టేది, పాప సంగతులు వినేది, నవ్వేది. ఆ నవ్వు నాకు తెలుసు, చిన్నప్పుడు జ్వరం దాచేటప్పుడు నవ్వే నవ్వు.

“ఓవెన్ చప్పుడొస్తున్నా ఇప్పుడు కాల్ ఆగట్లేదు. ఓవెన్ మార్చేశావా?” అని అడిగింది ఒకరోజు.

ఓవెన్ అదేనని, నెట్ దారి మార్చానని, ఇక ఆగదని గొప్పగా చెప్పాను. ఎలా కనిపెట్టానో అంతా చెప్పాను. అది విని చెంచా కింద పెట్టింది.

“నువ్వు ఆగిపోయినప్పుడు బాగుండేదక్కా.”

నాకు అర్థం కాలేదు. అది నెమ్మదిగా చెప్పింది. ఇక్కడ నాకు అది ఆగిపోయినట్టే, అక్కడ దానికి నేను ఆగిపోయేదాన్నట. నా మొహం తెర మీద అలాగే ఉండేదట, కదలకుండా, వినపడకుండా. ఆ కాసేపట్లో అది నాతో చెప్పాల్సినవి చెప్పుకునేదట. నేను కదులుతుంటే చెప్పలేనంది. నా కళ్లల్లో నీళ్లు తిరగడం చూస్తే ఇక మాట రాదంది. ఆయనతోనూ చెప్పలేనంది, గాజు తలుపు అవతల ఆయన ఇప్పటికే సగమైపోయాడంది.

ఏం చెప్పేదానివని అడిగాను. తల అడ్డంగా ఊపింది. నేను ఏడవనని ఒట్టేశాను. అప్పటికే ఏడుస్తున్నాను.

“ఒక్కసారి ఓవెన్ పెట్టక్కా,” అంది.

నేను లేచాను. ఫోన్లో మళ్లీ కింది బ్యాండు పేరుకి మార్చాను. కాల్ ఒక్క క్షణం తడబడి తిరిగి అందుకుంది. కప్పులో నీళ్లు పోసి ఓవెన్‌లో పెట్టి, ఫోన్‌ని దాని పక్కకి జరిపాను. బటన్ నొక్కే ముందు చెల్లి వైపు చూశాను. అది చీర సర్దుకున్నట్టు ఆసుపత్రి దుప్పటి సర్దుకుని నిటారుగా కూర్చుంది. నొక్కాను. దాని పెదవులు విడివడుతూ ఉండగా బొమ్మ ఆగింది. ఓవెన్ అలలు అలలుగా గోల చేస్తుంది గనక మధ్యలో సన్నని సందుల్లోంచి ఏదో ఒక శబ్దం చిట్లి వస్తూనే ఉంది. అది మాటా, ఊపిరా, తెలియదు. నేను స్పీకర్ మీద అరచెయ్యి పెట్టి మూసేశాను. వినాలని ఎంత ఉన్నా మూసేశాను.

అది మళ్లీ కదిలేటప్పటికి మొహం తుడుచుకుంటోంది. తేలికపడ్డట్టుంది. కొంచెం పెరుగన్నం తింటానంది. కాచిన పాలతో ఆసుపత్రివాళ్లే తోడుపెట్టిన పెరుగు. నేను కూడా అన్నంలో పెరుగు వేసుకుని దానికి ఎదురుగా కూర్చున్నాను. పాపకి చలికాలంలో పెదాలు పగిలితే నెయ్యి రాయాలని, ఇంకేదీ పడదని చెప్పింది. సరేనన్నాను. అప్పుడు వేసవి.

తర్వాత వారంలో దానికి జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు, ఐసీయూకి మార్చారు. అక్కడ ఫోన్లు ఉండవు. నేను బయల్దేరి వెళ్లేటప్పటికి అది కళ్లు తెరవడం లేదు. మాస్కూ గౌనూ వేసుకుని లోపలికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. నా చేతికి తొడుగు ఉండడం వల్ల దాని చెయ్యి వెచ్చగా ఉందో చల్లగా ఉందో కూడా తెలియలేదు. ఆ రాత్రి దాటలేదు.

కార్యక్రమాలన్నీ అయ్యాక మరిది పాపని తీసుకెళ్లడానికి తిరువూరు వచ్చాడు. పాప పుస్తకాలు సర్దుకుంటోంది. ఆయన భోజనం బల్ల దగ్గర కూర్చుని అన్నం కెలుకుతూ ఉన్నాడు. కాసేపటికి తలెత్తకుండానే అడిగాడు.

“వదినా, నాతో చివరిదాకా నయమైపోతుందనే అంది. మీతో ఏమన్నా చెప్పుకుందా?”

చెప్పుకుందన్నాను. అన్నీ చెప్పుకుందని, నేను మాత్రం వినలేదని, నేను వినకూడదని అది కోరుకుంటేనే వినలేదని, జరిగిందంతా చెప్పాను. ఆయన ఓవెన్ వైపు ఒకసారి, గోడ మీది రౌటర్ వైపు ఒకసారి చూశాడు.

“పోనీలే, చెప్పుకుంది గదా,” అన్నాడు.

అంతవరకు ఆయన కంట చుక్క నీరు ఎవరమూ చూడలేదు. కంచం ముందే తల వంచుకుని ఏడ్చాడు. పక్కగదిలో పాప పుస్తకాలు సర్దడం ఆపింది. మా అత్తగారు లేచి వెళ్లి, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని రెండు జడలూ విప్పి మళ్లీ మొదటినుంచి వేయడం మొదలుపెట్టింది. నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆపమని అనలేదు.