గడ్డిలో పాప

ఆ డ్రాయింగ్ టీచరుకు చిన్నప్పుడు ఒక పరీక్షలో సున్నా వచ్చింది. బొమ్మ గురించి రెండు పేజీలు రాసిస్తే, పరీక్షకుడు చివర ‘నాకు నచ్చలేదు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. ఎందుకు నచ్చలేదో తెలియక ఆవిడ చాలా రోజులు కుమిలిపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత తను హైస్కూలు పిల్లలకు బొమ్మల్ని చూసి రాయడం నేర్పసాగినప్పుడు, ఏ పిల్లలూ అలాంటి మాట పడకూడదని, మార్కులు దేనికెన్ని వెయ్యాలో చెప్పే ఒక పట్టిక, రూబ్రిక్, తయారుచేసింది.

అందులో నాలుగు వరుసలు. బొమ్మలో ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం మొదటిది. గీత, రంగు, వెలుగు, ఖాళీ ఎలా అమర్చారో విప్పి చెప్పడం రెండోది. అర్థం చెప్పి దానికి బొమ్మలోంచే ఆధారం చూపించడం మూడోది. రాతలో స్పష్టత నాలుగోది. ఒక్కో వరుసకు ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు. పేపర్ల మీద పేర్లుండవు, నంబర్లే. ఇద్దరు విడివిడిగా దిద్దుతారు. ఏ వరుసలోనైనా ఇద్దరి మధ్య ఒకటి కంటే ఎక్కువ తేడా వస్తే పేపరు మూడోవారి దగ్గరికి వెళ్తుంది. దిద్దడానికి ముందు నమూనా జవాబులు అందరూ కలిసి చదివి, దేనికి రెండు, దేనికి మూడు అన్నది తేల్చుకుంటారు. చుట్టుపక్కల స్కూళ్ళ వాళ్ళు కూడా ఆ రూబ్రిక్ అడిగి తీసుకెళ్ళారు.

ఆవిడ క్లాసులో ఒక కుర్రాడుండేవాడు. ఎప్పుడూ బొగ్గుతోనే గీసేవాడు కాబట్టి అందరూ వాణ్ణి బొగ్గు అనేవారు. తల్లి బట్టలు కుట్టేది. రంగుల పెట్టె ముందుపెడితే పక్కకు నెట్టేసేవాడు. “బద్ధకం రా నీకు,” అనేది టీచరు. వాడు నవ్వేసేవాడు.

ఆఖరి ఏడాది పరీక్షలో ఇచ్చిన బొమ్మ ఇది: పొడవాటి పచ్చగడ్డి మైదానం, ఒక పక్కన తల్లి, నడుమ ఎర్రగౌనులో చిన్నపాప. బొమ్మ చూడగానే ఎవరి కళ్ళయినా ముందు ఆ ఎరుపు మీదే పడతాయి. పిల్లలందరూ దాని గురించే రాశారు. ఒక్క పేపర్లో మాత్రం ఇలా ఉంది: ‘గడ్డి ఎండిపోతోంది. తల్లి ఒక్కతే ఉందనుకున్నాను. చాలాసేపు చూశాక గడ్డిలో కలిసిపోయిన ఒక పాప ఆకారం దొరికింది. తల్లి అటే చూస్తోంది కానీ ఆమెకు పాప కనిపిస్తోందో లేదో తెలియదు. పోగొట్టుకున్నవాళ్ళు అలాగే చూస్తారు. మనం కూడా వెతికితే గానీ దొరక్కుండా చిత్రకారుడు పాపను దాచాడు.’

రాత బాగుంది. అయినా బొమ్మలో లేనిది రాశాడనుకుంది టీచరు. రూబ్రిక్‌లో తను రాసిన వాక్యమే ఉంది: బొమ్మకు విరుద్ధమైన వివరణకు ఒకటికి మించకూడదు. మొదటి వరుసకు ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి, నాలుగోదానికి నాలుగు వేసింది. అదే పేపరు విడిగా దిద్దిన రెండోవారు తెలుగు మాస్టారు. ఆయన కూడా అవే వేశారు, స్పష్టతకు మాత్రం మూడు. మూడోవారి అవసరం రాలేదు. సగటు ఏడున్నర. చిత్రకళ కోర్సుకు పది కావాలి.

నంబరు విప్పాక అది బొగ్గు పేపరని తెలిసింది. ఆవిడకు బాధ కలిగింది కానీ అనుమానం కలగలేదు. వాడు కూడా అప్పీలు చెయ్యలేదు. సిమెంటు గోడౌన్‌లో పనికి కుదిరాడు.

రెండేళ్ళకు ఒక మధ్యాహ్నం వాడి తల్లి స్టాఫ్ రూముకు వచ్చింది. చేతిలో ఒక కాగితం.

“రైల్వేలో ఉద్యోగానికి పరీక్ష నెగ్గాడు టీచరమ్మా. డాక్టరు దగ్గరికి పంపితే చుక్కల పుస్తకం చూపించారట. అందులో అంకెలు వీడికి కనబళ్ళేదు. ఎరుపూ పచ్చా తేడా తెలీదని రాసిచ్చారు. ఉద్యోగం పోయింది.”

టీచరు కాగితం అందుకుంది. రెండుసార్లు చదివింది.

“దారం రీలు తెమ్మంటే ఎప్పుడూ తప్పుదే తెచ్చేవాడమ్మా,” అంది తల్లి. “పరధ్యానమని తిట్టేదాన్ని. రెండు దెబ్బలు కూడా వేశాను. బొమ్మల చదువుకు పనికొచ్చే కాగితం ఏదైనా మీరు రాసిస్తారేమో అని వచ్చాను.”

పేపర్లు మూడేళ్ళు దాచాలన్నది స్కూలు నియమం. ఆవిడ బీరువాలో వెతికి ఆ పేపరూ, పరీక్షకిచ్చిన రంగుల బొమ్మా తీసింది. ఒక్కసారి చూద్దామని బొమ్మను ఆఫీసులో నలుపూ తెలుపూ జిరాక్స్ తీయించింది. ఎరుపూ పచ్చా ఒకే ముదురులో ఉన్నాయేమో, కాగితం మీద అంతా ఒకే బూడిదరంగై వచ్చింది. తల్లి ఉంది. గడ్డి ఉంది. పాప లేదు. కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కళ్ళు చికిలించి చూస్తే, నడుమ సన్నగా ఒక ఆకారం దొరికింది.

వాడు చూసినదాన్ని చూసినట్టే రాశాడు. రాసిన ప్రతి మాటకూ ఆధారం చూపించాడు. ఆవిడ అక్కడే నిలబడి పేపరు మళ్ళీ దిద్దింది. పద్నాలుగు వచ్చింది.

హెడ్‌మాస్టారు మంచివారే. అంతా విన్నారు. “ఫలితాలు ఇచ్చిన నెలలోపు అడగాలమ్మా. ఇప్పుడు నా చేతిలో ఏముంది? పైగా ఇద్దరూ దాదాపు ఒకే మార్కులు వేశారు. పద్ధతి ప్రకారం తప్పెక్కడుంది చెప్పండి.”

“అదేనండీ నా బాధ,” అంది ఆవిడ. “ఇద్దరం ఒకేలా చూశాం కాబట్టి సరిగ్గానే చూశామనుకున్నాం.”

తెలుగు మాస్టారికి పేపరు చూపిస్తే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నాకూ ఆ పాప ఎర్రగానే కనిపించింది టీచర్,” అని మాత్రం అన్నారు.

ఆదివారం ఆవిడ గోడౌన్‌కి వెళ్ళింది. బొగ్గు కనుబొమల మీద సిమెంటు పొడి. నీళ్ళతో చేతులు కడుక్కొని, నిక్కరుకు తుడుచుకొని పేపరు తీసుకున్నాడు. నెమ్మదిగా చదివాడు.

“ఇది నేనే రాశానా టీచర్?”

“నువ్వే. తప్పు మాది. పద్నాలుగు రావలసింది.”

“అందరికీ ఆ పాప కనిపిస్తుందా?”

“కనిపిస్తుంది.”

“చూడగానే?”

“చూడగానే.”

వాడు పేపరు వైపు మళ్ళీ చూశాడు. “అయితే మీరందరూ చూసింది వేరే బొమ్మ. దాన్ని నేనెప్పటికీ చూళ్ళేను.” తర్వాత ఏదో లెక్క తేల్చుకుంటున్నవాడిలా అడిగాడు. “మరి నాకు చిన్నప్పుడు అమ్మ వేసిన దెబ్బలు?”

ఆవిడ చేతి సంచీలోంచి ఒక దరఖాస్తు తీసి ఇచ్చింది. దూరవిద్యలో కోర్సు ఉందనీ, ఫీజు తను కడతాననీ చెప్పింది. వాడు దరఖాస్తు మడిచి పేపర్లో పెట్టి రెండూ తిరిగి ఇచ్చేశాడు.

“గియ్యడం మానేశాను టీచర్. కోపం మాత్రం లేదు మీ మీద. లారీ వచ్చింది, వెళ్ళాలి.”

ఆ ఏడు ఆవిడ రూబ్రిక్‌లో ఒక వాక్యం చేర్చమని రాసిచ్చింది: బొమ్మకు విరుద్ధంగా కనిపించిన జవాబుకు మార్కు తగ్గించే ముందు మూడోవారికి చూపించాలి, అవసరమైతే రాసిన విద్యార్థిని పిలిచి అడగాలి. పిలిచి అడిగితే పేరు బయటపడుతుందని పరీక్షల కమిటీ ఆ సగం కొట్టేసింది. మొదటి సగం ఉంచింది. పేరు గురించి వాళ్ళ అభ్యంతరం కూడా సరైనదేనని ఆవిడకు తెలుసు, అందుకే వాదించలేదు.

పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్ళున్నాయి. ఆవిడ పాఠం చెబుతూనే ఉంది. ఏడాది మొదట్లో పిల్లలందరికీ చుక్కల పుస్తకం చూపిస్తుంది. పేపర్లు దిద్దడానికి మాత్రం మళ్ళీ కూర్చోలేదు. అడిగినవాళ్ళకు కళ్ళు సరిగా ఆనడం లేదని చెబుతుంది.