చివరిదాకా వినని ప్రసంగం

ఆఫీసులో ఆమెను అందరూ భూతద్దం అక్క అనేవారు. మందుల పెట్టెలు వేడెక్కితే ఫోనుకు కబురు పంపే చిన్న పరికరాలు అమ్మే కంపెనీ అది. కొంటారనుకున్న పెద్దమనుషులకు మొదటి మెయిల్ రాయడం అక్క పని. అయ్యా, తమకు నమస్కారం, మా సరుకు బహు బాగు అని రాస్తే ఎవడు చదువుతాడు? అందుకే వాళ్ల ఈమధ్య పోస్టులు చదివేది, ఎక్కడైనా మాట్లాడి ఉంటే వినేది, కంపెనీ వార్తలు తిరగేసేది. వాళ్లకు మాత్రమే చెల్లే ఒక్క మాట పట్టుకునేది. కొత్తగా చేరిన అమ్మాయిలకు నేర్పేది కూడా ఆమే. "ఉప్పు చూడకుండా కూర బాగుందనకండే" అని మందలించేది.

అలాంటి అక్క పప్పులో కాలేసింది.

ఆ వారం మెయిళ్లు తక్కువ వెళ్లాయని సేల్స్ హెడ్ గుర్రుగా ఉన్నాడు. మందులు రవాణా చేసే ఒక కంపెనీ యజమాని సదస్సులో చేసిన ప్రసంగం వీడియో అక్క ముందు ఉంది. మొదట కాసేపు బాగానే విన్నది. పెద్దాయన అని వాళ్ల దగ్గర ఒక డ్రైవరట. చేతి వెనకవైపుతో బండి తలుపు తాకి లోపల చల్లదనం ఎంతుందో చెప్పేస్తాడట. అక్కకు నవ్వొచ్చింది. ఇంతకంటే మంచి మాట దొరకదు అనుకుంది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదా అని సర్దిచెప్పుకుని, మిగతాది ఆపేసింది. ఆయన పోస్టుల్లో ఖాళీ డ్రైవరు సీటు ఫోటో ఒకటుంది, కింద అక్షరం ముక్క లేదు. కొత్త బండి కాబోలు అని దాటేసింది. వార్తల్లో కొత్త శీతల గిడ్డంగి తెరిచారని కనిపించింది. ఇంకేం, మెయిల్ సిద్ధం.

"కొత్త గిడ్డంగికి అభినందనలు. మీ పెద్దాయన చెయ్యి మా పరికరం కన్నా నమ్మకమైనదని అనిపించింది. మా పరికరాన్ని మొదట ఆయనకే చూపించి, ఆయన చేత ఔననిపించుకోవాలని ఉంది."

సేల్స్ హెడ్ చదివి ఎగిరి గంతేశాడు. ఇలా రాయండర్రా అంటూ అమ్మాయిలందరికీ నమూనాగా పంపాడు. అక్క లోలోపల పొంగిపోయింది.

మధ్యాహ్నం ఆ యజమాని నుంచి జవాబొచ్చింది. ఒక్కటే వాక్యం.

"మీరు నా ప్రసంగం చివరిదాకా విన్నారా?"

అక్క గబగబా ఆ వీడియో తెరిచింది. ఆపిన చోటి నుంచి మళ్లీ పెట్టింది. ప్రసంగం చివర్లో ఆయన గొంతు మారింది. "ఆ పెద్దాయన మా నాన్న. మొన్న ఎండాకాలంలో గుండెనొప్పి వస్తే, బండి రోడ్డు పక్కకు తీసి, చల్లటి మిషను ఆగకుండా ఇంజను ఆన్‌లోనే ఉంచి, స్టీరింగు మీద వాలిపోయారు. మేం వెళ్లేసరికి మందులన్నీ చల్లగా ఉన్నాయి. ఆయన చెయ్యీ చల్లగానే ఉంది."

ఖాళీ సీటు ఎవరిదో అప్పుడు తెలిసింది. గిడ్డంగి వార్త కూడా పూర్తిగా చదివింది. దానికి ఆ పెద్దాయన పేరే పెట్టారు. అక్కకు తన మీద తనకే అసహ్యం వేసింది. తండ్రి పోయిన మనిషికి, మీ నాన్నను ఒప్పిస్తానని రాసింది తను.

సేల్స్ హెడ్ తేలిగ్గా తీసేశాడు. "విన్నానని రాసెయ్ అక్కా. ఆయన జ్ఞాపకార్థమే అలా అన్నానని చెప్పు. పోయేదేముంది?"

"నావల్ల కాదు బాబూ" అంది అక్క.

విన్నది సగమేనని, ఇప్పుడే మొత్తం విన్నానని, తప్పు తనదేనని రాసి, క్షమాపణ అడిగింది. అమ్మకం మాట ఎత్తలేదు. ఆయన నుంచి జవాబు రాలేదు. రావాలని ఆశించే ముఖం తనకు లేదనుకుంది.

మర్నాడు అమ్మాయిలను కూర్చోబెట్టి, నిన్నటి నమూనా పారేయమంది. ఎందుకో దాచకుండా చెప్పింది. ఆ ప్రసంగం మొదటినుంచి పెట్టింది, ఎక్కడా ముందుకు జరపలేదు. చివరికొచ్చేసరికి తెర వైపు చూడలేక కిటికీ వైపు తిరిగింది. వెనక ఇద్దరు ముగ్గురు ముక్కులు ఎగబీల్చడం వినిపించింది. వీళ్లకైనా అర్థమైంది అనుకుంది.

ముందు వరసలో పిల్ల కళ్లు తుడుచుకుని పెన్ను తీసింది.

"అక్కా, ఇందులో మనం మెయిల్‌లో ఏ ముక్క వాడుకోవాలి?"

అక్క ఆ పిల్లను కోప్పడలేకపోయింది. అలా వినడం నేర్పింది తనే.